జవాబు చరిత్రను బట్టి ఇన్‌బాక్స్ వరస: ప్రాజెక్టు డైరీ

సోమవారం: పని ఏమిటి

కొత్తగా వచ్చినది పైన, పాతది కింద. ఇప్పటి మెయిలు పెట్టెలు చాలావరకు పాటిస్తున్న వరస ఇదే. రోజుకు పది మెయిళ్లు వచ్చే కాలంలో ఇది సరిపోయింది. ఇప్పుడు గంటకోసారి వచ్చే ప్రకటన, నిన్న రాత్రి మిత్రుడు రాసిన ఉత్తరాన్ని నాలుగు తెరల కిందికి నెట్టేస్తోంది. స్పామ్ జల్లెడ ఇక్కడ పనికిరాదు. ప్రకటన పంపినవాడు దొంగ కాదు, ఎప్పుడో నేనే చిరునామా ఇచ్చి ఉంటాను. అతను నాకు ముఖ్యుడు కాడు, అంతే.

కాబట్టి ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మెయిలులో ఏం రాసి ఉందో అది చదవదు. ఈ మనిషి ఇంతకుముందు రాసినప్పుడు నేను జవాబిచ్చానా అన్న ఒక్క ప్రశ్నతో వరస కడుతుంది. గూగుల్ 2010లో జీమెయిల్‌కు ‘ప్రయారిటీ ఇన్‌బాక్స్’ తెచ్చినప్పుడు పంపినవారితో మనకున్న సంబంధం, మెయిలులోని మాటలు, సంభాషణలో మన పాత్ర లాంటి ఎన్నో సూచనలను కలిపి ఒక గణాంక నమూనాకు నేర్పించింది. నేను అంత దూరం పోను. వాటిలో జవాబు చరిత్ర ఒక్కటే తీసుకుని, దానితో ఎంత దూరం వెళ్లగలనో చూడాలి. ఒక్కటే సూచన ఉంటే ఏ మెయిలు ఎందుకు పైకి వచ్చిందో ఒక వాక్యంలో చెప్పొచ్చు. నాకు అది ముఖ్యం.

ముడిసరుకు చేతిలోనే ఉంది. వచ్చిన మెయిళ్లు ఒక ఫోల్డరులో, పంపినవి మరో ఫోల్డరులో, రెండూ Maildir పద్ధతిలో ఉన్నాయి. పైథాన్‌తో పాటే వచ్చే `mailbox` మాడ్యూల్ వాటిని చదువుతుంది. లెక్కలు దాచుకోవడానికి ఎస్‌క్యూలైట్ చాలు.

మంగళవారం: ‘జవాబు’ను గుర్తుపట్టడం

విషయం పంక్తిలో `Re:` ఉంటే జవాబు అనుకోవడం అందరికీ మొదట తట్టే దారి. అది నిలవదు. ప్రకటనలు పంపేవాళ్లే ఆ రెండక్షరాలు తగిలించి పంపుతారు. మరికొన్ని భాషల మెయిలు యాప్‌లు వేరే అక్షరాలు పెడతాయి.

నమ్మదగిన ఆధారం హెడర్లలో, అంటే ప్రతి మెయిలు వెంట వచ్చే వివరాల పంక్తుల్లో ఉంది. ప్రతి మెయిలుకూ `Message-ID` అనే గుర్తు ఉంటుంది. మనం జవాబు నొక్కినప్పుడు మెయిలు యాప్ ఆ గుర్తును మన ఉత్తరంలోని `In-Reply-To` హెడరులో రాస్తుంది. సంభాషణలో అంతకుముందున్న గుర్తుల వరసను `References`లో పెడుతుంది. కాబట్టి నేను పంపిన ప్రతి మెయిలులోని `In-Reply-To` తీసుకుని, ఆ గుర్తుతో నాకు వచ్చిన మెయిలు ఏదో వెతికితే సరి.

```python
import mailbox, re
ID = re.compile(r"<[^<>\s]+>")

parents = {}
for m in mailbox.Maildir("Mail/Sent", create=False):
    for pid in ID.findall(str(m["In-Reply-To"] or "")):
        parents.setdefault(pid, []).append(m)
```

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అవసరమా అనిపించవచ్చు. అవసరమే. కొన్ని పాత యాప్‌లు ఆ హెడరులో గుర్తుతో పాటు తేదీ, పేరు కూడా రాసేవి. కోణపు కుండలీకరణాల మధ్య ఉన్నది మాత్రమే తీసుకుంటే ఆ చెత్త అంటదు.

ఫలితాలను పేరు పేరునా తిరగేస్తుంటే మూడు రకాల దొంగ జవాబులు కనబడ్డాయి. మొదటివి ఫార్వర్డులు. ఎవరో పంపిన ప్రకటనను నేను మిత్రుడికి పంపితే, కొన్ని యాప్‌లు అందులోనూ `In-Reply-To` రాస్తాయి. ప్రకటన పంపినవాడికి నేను జవాబిచ్చినట్టు లెక్కలోకి వస్తుంది. దీనికి విరుగుడు తేలికే. నా ఉత్తరంలోని `To`, `Cc` చిరునామాలలో ఆ మెయిలు పంపినవారి `From` గానీ `Reply-To` గానీ ఉండాలి. లేకపోతే అది ఫార్వర్డు.

రెండోవి ‘చదివాను’ అని యాప్ తనంతట తాను పంపే రసీదులు. ఇవి కొన్నిసార్లు పంపిన మెయిళ్ల ఫోల్డరులో కూర్చుంటాయి. వీటి `Content-Type` హెడరులో `multipart/report` అని ఉంటుంది, కనుక సులువుగా ఏరిపారేయొచ్చు.

మూడోవే నవ్వు తెప్పించాయి. ‘దయచేసి నా పేరు మీ జాబితా నుంచి తీసేయండి’ అని నేను విసుగ్గా రాసిన ఉత్తరాలు సాంకేతికంగా నిఖార్సయిన జవాబులే. నేను ఎంత కోపంగా ఎన్నిసార్లు రాస్తే ఆ పెద్దమనిషి అంత ఎత్తుకు ఎగబాకుతున్నాడు. మాటలు చదవనని ముందే నియమం పెట్టుకున్నాను కనుక దీన్ని వేరే దారిలో ఆపాలి. ఒకేసారి చాలామందికి పంపే టోకు మెయిలు గుర్తులున్న సందేశానికి ఇచ్చిన జవాబును లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ గుర్తులేమిటో గురువారం నాటి పేజీలో రాస్తాను.

బుధవారం: ఎన్నిట్లో ఎన్ని

ఇక అసలు లెక్క. ‘ఎన్నిసార్లు జవాబిచ్చాను’ అన్న సంఖ్యతో వరస కడితే, వారానికి పది మెయిళ్లు పంపి రెండింటికి జవాబు రాబట్టుకునే మనిషి, నెలకొకటి రాసి ప్రతిదానికీ జవాబు అందుకునే మనిషి కంటే పైకి పోతాడు. ఎక్కువగా రాయడానికి ఇది బహుమానం ఇచ్చినట్టే. అందుకని ‘ఎన్నిట్లో ఎన్ని’ అనే నిష్పత్తి కావాలి. ఆ భాగహారంలో పైనున్న సంఖ్య తేలికే. కిందిది ఏమిటన్న దగ్గరే తకరారు.

వచ్చిన మెయిళ్లన్నీ కింద వేద్దామా? సహోద్యోగి ఒక్కోసారి ఒకే విషయం మీద మూడు మెయిళ్లు వరసగా పంపుతాడు: ప్రశ్న ఒకటి, మరిచిపోయిన జోడింపు ఒకటి, ‘పాత ఫైలు చూడకండి’ అని ఇంకొకటి. నేను చివరిదానికి ఒక్క జవాబిస్తాను. మెయిళ్ల లెక్కలో అతనికి మూడింట ఒకటే దక్కుతుంది. పైగా ప్రతి సంభాషణా ఎవరో ఒకరి ‘సరే, అందింది’తో ముగుస్తుంది, దానికి ఎవరూ జవాబివ్వరు. అందుకే మెయిళ్లను వదిలి సంభాషణలను లెక్కిస్తున్నాను. `References` ద్వారా ముడిపడిన మెయిళ్లన్నీ ఒక సంభాషణ. అందులో నేను ఒక్కసారైనా జవాబిచ్చానా లేదా అన్నదే లెక్క.

నిన్న వచ్చి ఇంకా జవాబు ఇవ్వని సంభాషణను ‘జవాబు లేదు’ అని రాయడం అన్యాయం. దానికి ఇంకా సమయం ఉంది. మెయిలు వచ్చిన సమయానికీ నా జవాబుకీ మధ్య ఆలస్యాలను వరసలో పేర్చి చూశాను. దాదాపు అన్ని జవాబులూ రెండు వారాల లోపే వెళ్లాయి. కనుక 14 రోజులు నిండని, జవాబు పడని సంభాషణలు భాగహారంలో పైనా కిందా ఎక్కడా ఉండవు. జవాబు పడితే రెండు చోట్లా చేరతాయి, పడకుండా 14 రోజులు నిండితే కింద మాత్రమే.

ఇప్పుడు నలుగురు పంపినవాళ్లను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. సహోద్యోగి: 40 సంభాషణలు, 26కు జవాబు. అరుదుగా రాసే మిత్రుడు: 2 సంభాషణలు, రెండింటికీ జవాబు. వార్తాలేఖ: 300 వచ్చాయి, సున్నా జవాబులు. నాలుగోవారు ఈ రోజే మొదటిసారి రాసిన అపరిచితురాలు: సున్నాలో సున్నా.

వట్టి నిష్పత్తి తీస్తే మిత్రుడికి 1.0, సహోద్యోగికి 0.65, వార్తాలేఖకు 0. అపరిచితురాలి దగ్గర సున్నాతో భాగించాల్సి వచ్చి లెక్క ఆగిపోతుంది. ఆగిపోయిందని ఆమెకు సున్నా వేసేస్తే వార్తాలేఖ పక్కన కూర్చోబెట్టినట్టే. ఈ ప్రాజెక్టు మొత్తానికీ కీలకం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. చరిత్ర లేకపోవడం వేరు, జవాబివ్వని చరిత్ర ఉండటం వేరు. వార్తాలేఖకు నేను 300 సార్లు మౌనంగా సమాధానం చెప్పాను. అపరిచితురాలికి ఇంకా ఏమీ చెప్పలేదు.

గణాంకాల్లో దీనికి పాత ఉపాయం ఉంది. ప్రతి మనిషికీ కొన్ని ఊహా సంభాషణలు ముందే జరిగినట్టు అనుకుని, వాటికి సగటు జవాబు రేటు అంటగట్టి, ఆ తర్వాత నిజమైన లెక్కలు కలపాలి.

```python
def score(replied, seen, prior, k=5):
    return (replied + k * prior) / (seen + k)
```

ఇక్కడ `k` అంటే ఊహా సంభాషణల సంఖ్య. `prior` అంటే ముక్కూముఖం తెలియని మనిషి తొలి మెయిలుకు నేను జవాబిచ్చే రేటు. లెక్క కళ్ల ముందు కదలాలి కనుక దీన్ని 0.1 అనుకుందాం, అంటే పదింట ఒకటి. ఎవరి పెట్టెకు వారు తమ తమ పాత మెయిళ్ల నుంచి ఈ సంఖ్య తీసుకోవాలి.

సహోద్యోగికి (26 + 0.5) / 45, అంటే 0.589. మిత్రుడికి 2.5 / 7, అంటే 0.357. అపరిచితురాలికి 0.5 / 5, అంటే సరిగ్గా 0.1. వార్తాలేఖకు 0.5 / 305, అంటే 0.0016. నేను కోరుకున్న వరస ఇదే. రెండే రెండు జవాబుల బలంతో మిత్రుడు అందరి నెత్తికెక్కలేదు. అపరిచితురాలు తెలిసినవాళ్లకు కింద ఉన్నా, వార్తాలేఖకు చాలా పైన ఉంది.

`k` ఎంత ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయమే కానీ, రెండు చివరలూ చూస్తే తెలుస్తుంది. 1 పెడితే ఒకే ఒక్క జవాబు అందుకున్నవాడు 0.55కు ఎగిరి సహోద్యోగి భుజాన్ని తాకుతాడు. 20 పెడితే రెండు జవాబుల మిత్రుడు 0.18 దగ్గర నత్తనడక నడుస్తాడు. 5 దగ్గర ఒక్క జవాబుతో 0.25 వస్తుంది. ఒకసారి మాట కలిపినవారికి ఆ మాత్రం గౌరవం సబబుగానే ఉంది.

గురువారం: టోకు మెయిళ్లను తొలిరోజే పట్టడం

నిన్నటి సూత్రంలో ఒక కంత ఉంది. ఈ రోజే మొదటి ప్రకటన పంపిన సంస్థ కూడా అపరిచితురాలితో సమానంగా 0.1తో మొదలవుతుంది. నేను దాన్ని కొన్ని పదులసార్లు పట్టించుకోకపోతే గానీ కిందికి దిగదు. ఈలోగా ఇంకో కొత్త సంస్థ వస్తుంది. అపరిచితులందరికీ ఒకే `prior` పెట్టకూడదన్న మాట.

అదృష్టవశాత్తూ టోకుగా పంపేవాళ్లలో చాలామంది తమ ముద్ర తామే వేసుకుంటారు. చందా రద్దు చేసుకునే దారి చూపే `List-Unsubscribe` హెడరును 1998లో RFC 2369 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్వచించింది. జాబితా పేరు చెప్పే `List-Id` 2001లో RFC 2919తో వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు ఐదు వేలకు పైగా మెయిళ్లను జీమెయిల్ ఖాతాలకు పంపేవారు ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే ఏర్పాటు పెట్టి తీరాలని గూగుల్ షరతు విధించింది. అందువల్ల ఆ ఏర్పాటును సూచించే `List-Unsubscribe-Post` హెడరు ఉన్న మెయిలు టోకు మెయిలని దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఈ గుర్తులున్న తొలి మెయిళ్లకు `prior` 0.01 పెట్టాను. అప్పుడు కొత్త ప్రకటనకర్త 0.05 / 5, అంటే 0.01తో మొదలవుతాడు. కొత్త మనిషి కంటే పది రెట్లు కింద, మొదటి రోజు నుంచే.

అయితే చర్చా బృందాల మెయిళ్లలోనూ ఇవే హెడర్లు ఉంటాయి. అక్కడ రాసేవాళ్లు మనుషులు, నేను జవాబులిచ్చేదీ మనుషులకే. వీటిని విడదీయడానికి `List-Post` కొంత సాయపడుతుంది. బృందానికి తిరిగి రాసే చిరునామా అందులో ఉంటుంది. ప్రకటనల జాబితా అయితే అది లేకపోవచ్చు, లేదా `NO` అని ఉండొచ్చు. రాయడానికి చిరునామా ఉన్న జాబితాలను టోకు కింద కట్టకుండా, అందులో రాసిన మనిషినే లెక్కిస్తున్నాను. వీరికిచ్చిన జవాబులు లెక్కలోకి వస్తాయి. ‘నా పేరు తీసేయండి’ ఉత్తరాలు మాత్రం రాకుండా పోతాయి.

ఇక రెండో వైపు సంగతి. అపరిచితుల్లో అసలు అపరిచితులు కానివాళ్లు ఉన్నారు. నేనే ముందు రాసిన కొత్త మనిషి నాకు తిరిగి రాస్తే, ఆయన నుంచి వచ్చిన మొదటి మెయిలు అదే. నేను ఆయనకు ‘జవాబిచ్చిన’ చరిత్ర సున్నా. సూత్రం 0.1 వేసి పక్కన పెడుతుంది. నేనేమో ఆ ఉత్తరం కోసమే ఎదురుచూస్తుంటాను.

దీనికి పరిష్కారం పంపిన మెయిళ్ల గుర్తుల్లోనే ఉంది. వచ్చిన మెయిలులోని `References`, `In-Reply-To`లలో నేను పంపిన ఏదైనా మెయిలు `Message-ID` ఉంటే, అది నా సంభాషణే. దాన్ని లెక్కలతో పని లేకుండా పై వరసలో పెట్టేస్తున్నాను. ఇందులో ఇంకో లాభం ఉంది. నా ఉత్తరం గుర్తు దాన్ని అందుకున్నవాళ్లకే తెలుస్తుంది, బయటివాడు ఊహించి రాయలేడు.

ఈ తలుపులోంచి యంత్రాలు కూడా దూరతాయి. ‘సెలవులో ఉన్నాను, సోమవారం వస్తాను’ అనే మరజవాబుల్లోనూ నా గుర్తు ఉంటుంది. 2004 నాటి RFC 3834 ఇలాంటి వాటికి `Auto-Submitted: auto-replied` అని రాయమంటుంది, చాలా యంత్రాలు ఆ మాట పాటిస్తాయి. మెయిలు చేరలేదని తిరిగొచ్చే నోటీసులకైతే `Return-Path` ఖాళీగా `<>` అని ఉంటుంది. మొదటి రకాన్ని కిందికి దించాను. రెండో రకాన్ని పైనే ఉంచాను. నా ఉత్తరం చేరలేదన్న కబురు నాకు ముందే తెలియాలి.

శుక్రవారం: పాతబడటం

మూడేళ్ల క్రితం ఒక పని మీద రోజూ రాసుకున్నవాళ్లు ఈనాటికీ జాబితా శిఖరాన కూర్చున్నారు. కాలం గడిచేకొద్దీ లెక్క బరువు తగ్గాలి. ప్రతి సంభాషణకూ `0.5 ** (age / half)` బరువు ఇస్తున్నాను. `age` అంటే ఎన్ని రోజుల క్రితంది, `half` అంటే ఎన్ని రోజులకు బరువు సగమవుతుంది అని.

ఇక్కడ గమనించాల్సినది ఒకటుంది. బరువు భాగహారంలో పైనా కిందా రెండింటికీ తగ్గుతుంది. కాబట్టి నిష్పత్తి మారదు, నమ్మకం మాత్రం సన్నగిల్లుతుంది. మనిషి మెల్లగా 0.1 వైపు జారతాడు, అంటే అపరిచితుడి స్థాయికి. అంతకంటే కిందికి పోడు. నేను మరిచిపోయిన మిత్రుడు కొత్తవాడితో సమానమవుతాడే తప్ప వార్తాలేఖతో కాదు. పైసంఖ్యను మాత్రమే తగ్గించే సూత్రాలు కొన్ని చూశాను. వాటిలో పాత మిత్రుడు నేను పట్టించుకోని మనిషిలా మారిపోతాడు.

ఎంత వేగంగా మరవాలో తేల్చడానికి ఒక మనిషిని తీసుకున్నాను: 60 సంభాషణలు, అన్నింటికీ జవాబు, అన్నీ సుమారు 720 రోజుల క్రితం. అప్పటినుంచి నిశ్శబ్దం. ఈ రోజు ఒక ఉత్తరం రాశాడు. 90 రోజులకు సగం చేస్తే ఎనిమిది సగాలు, 60 కాస్తా 0.23 అవుతుంది. మార్కు 0.14. ముక్కూముఖం తెలియని మనిషికి కాస్త పైన. రెండేళ్ల తర్వాత గుర్తుపెట్టుకుని రాసినవాడికి ఇది చిన్నచూపే. 180 రోజులకు సగం చేస్తే నాలుగు సగాలు, 60 తగ్గి 3.75 అవుతుంది, మార్కు 4.25 / 8.75, అంటే 0.486. సహోద్యోగికి కింద, రెండు జవాబుల మిత్రుడికి పైన. నాకు ఇది నచ్చింది. ఏడాదికి సగం చేస్తే 0.78 వచ్చి ఈనాటి సహోద్యోగిని కూడా దాటేస్తాడు, అది అతి. 180 దగ్గర ఖాయం చేశాను.

శనివారం: పాత మెయిళ్లతో పరీక్ష

పరీక్షకు పాత పెట్టే చాలు. ఒక తేదీ దగ్గర గీత గీసి, ఆ తర్వాత వచ్చిన మెయిళ్లకు మార్కులు వేయిస్తున్నాను. ఒక్కో ఉదయం పెట్టెలో ఉన్న మెయిళ్లను ఒక కట్టగా తీసుకుని, అందులో నేను జవాబిచ్చిన ఒకటి, ఇవ్వని ఒకటి జతలుగా పెడుతున్నాను. ఎన్ని జతల్లో జవాబిచ్చినది పైన ఉందో చూస్తే చాలు. సగం జతల్లో అలా ఉంటే నాణెం ఎగరేసినట్టే. కొత్తది పైన ఉండే మామూలు వరస నా పెట్టెలో దాదాపు అక్కడే తచ్చాడింది.

ఈ పరీక్షలో జాగ్రత్త పడాల్సింది ఒకటే. ఏ మెయిలుకు మార్కు వేసేటప్పుడైనా ఆ మెయిలు వచ్చిన క్షణానికి ముందున్న చరిత్రనే వాడాలి. మొత్తం పెట్టెకు ఒకేసారి లెక్కలు కట్టి, వాటితో పాత మెయిళ్లకు మార్కులు వేస్తే భవిష్యత్తు వెనక్కి కారుతుంది. అలా కారిందని కనిపెట్టడం సులువు: తర్వాత ఆప్తుడైన మనిషి రాసిన మొట్టమొదటి ఉత్తరానికి ఎంత మార్కు వచ్చిందో చూడాలి. 0.1 రావాలి. 0.5 వచ్చిందంటే లెక్కలో ఎక్కడో రేపటి వార్త నేడే చదివేశారని అర్థం.

చిల్లు ఎక్కడుందో కూడా పరీక్షే చెప్పింది. ఒకే చిరునామా వెనక చాలామంది మనుషులు ఉండే చోట వరస అస్తవ్యస్తంగా వచ్చింది. పని అప్పగింతల వ్యవస్థలు, కోడ్ పంచుకునే సైట్లు పంపే నోటీసులన్నీ ఒకే `From` చిరునామాతో వస్తాయి. ముందుండే పేరు మాత్రం వ్యాఖ్య రాసిన మనిషిది. ప్రోగ్రామ్ ప్రతి వరసకూ కారణం రాస్తుంది కనుక సంగతి వెంటనే బయటపడింది.

```
0.30  notify@example.com  replied=58.2 seen=191.0 prior=0.10
0.30  notify@example.com  replied=58.2 seen=191.0 prior=0.10
```

మొదటిది నాతో కలిసి పనిచేసే మనిషి అడిగిన ప్రశ్న. రెండోది ‘మీ నివేదిక సిద్ధంగా ఉంది’ అని యంత్రం చెప్పిన కబురు. చిరునామా ఒక్కటే కనుక మార్కూ ఒక్కటే. ఇలాంటి చోట చిరునామాకు బదులు `List-Id`, చూపించే పేరు రెండూ కలిపి మనిషి గుర్తుగా వాడుతున్నాను. ఆ మార్పుతో మనిషి ప్రశ్న ఎగబాకి, యంత్రం కబురు అట్టడుగుకు పోయింది. పేర్ల ఆధారంగా లెక్కించడం మామూలు మెయిళ్లకు మాత్రం ప్రమాదం. చూపించే పేరును ఎవరైనా ఏమైనా పెట్టుకోవచ్చు.

ఆ మాటకొస్తే `From` చిరునామానూ నకిలీ చేయొచ్చు. జవాబు చరిత్రతో వరస కట్టినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. నా సహోద్యోగి చిరునామా దొంగిలించి రాసినవాడికి పై వరసలో ఆసనం కూడా వేసి కూర్చోబెడతాం. కనుక నా మెయిలు సర్వరు రాసిన `Authentication-Results` హెడరులో, మెయిలు నిజంగా `From`లో @ తర్వాత ఉన్న చోటి నుంచే వచ్చిందని చెప్పే `dmarc=pass` ఉంటేనే చరిత్రను కలుపుతున్నాను. లేకపోతే ఎంత పాత మిత్రుడైనా 0.1. అదే హెడరును పంపినవాడే ముందుగా రాసి పంపొచ్చు కూడా. అందుకని దాని మొదట్లో నా సర్వరు పేరు ఉన్నదాన్నే నమ్మాలి. మంచి సర్వర్లు తమ పేరుతో బయటినుంచి వచ్చిన అలాంటి హెడర్లను చెరిపేస్తాయి. మీ సర్వరు చెరుపుతోందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఆదివారం: వరసే చరిత్రను రాయడం

ఇన్నాళ్ల జవాబులు పాత వరసలో పుట్టినవి. రేపటి నుంచి జవాబులు ఈ కొత్త వరసలో పుడతాయి. పైనున్నవాళ్లను చదువుతాను, చదివితే జవాబిస్తాను, జవాబిస్తే వాళ్లు ఇంకా పైకి పోతారు. కిందున్నవాళ్లను చూడనే చూడను. చూడని మెయిలును ‘జవాబివ్వలేదు’ అని రాసుకుంటూ పోతే, అపరిచితుల `prior` నెలనెలా తగ్గుతూ ఉంటుంది. తగ్గినకొద్దీ వాళ్లు మరింత అడుక్కు దిగుతారు.

కాబట్టి భాగహారంలో కింది సంఖ్యకు ఇంకో షరతు: ఆ సంభాషణలో కనీసం ఒక మెయిలును నేను తెరిచి ఉండాలి. తెరిచినదీ లేనిదీ ఐమ్యాప్‌లో `\Seen` జెండా చెబుతుంది. అన్నిటినీ ఒక్క నొక్కుతో చదివినట్టు గుర్తుపెట్టే అలవాటు నాకుంది. ఒకే నిమిషంలో పదుల మెయిళ్లకు ఆ జెండా పడితే దాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాముకు చెప్పాను. ఐమ్యాప్ ఆ జెండా ఎప్పుడు పడిందో రాసి ఉంచదు కనుక, మార్పులను నా ప్రోగ్రామే ఎప్పటికప్పుడు గమనించి రాసుకోవాలి. పాత మెయిళ్లకు ఆ సమాచారం లేదు. వాటిని ఉన్నదున్నట్టు వదిలేశాను.

ఈ షరతు ఒక్కటే సరిపోదు. తెరవని టోకు మెయిళ్లు అసలు లెక్కలోకే రాకపోతే, టోకు `prior`తో 0.00016 దగ్గరున్న వార్తాలేఖ మెల్లగా 0.01 వైపు తేలుతుంది. అది పెద్ద నష్టమేమీ కాదు, కొత్త మనిషి కంటే ఇంకా పది రెట్లు కిందే. అపరిచితుల విషయంలో మాత్రం వాళ్లు నా కంటపడేలా చేయాలి. అందుకని తెర మీద పడే ప్రతి పది వరసల్లో ఒకటి, టోకు గుర్తులు లేని కొత్త మనిషి కోసం ఖాళీగా ఉంచుతున్నాను. మార్కుతో పని లేదు, వాళ్లలో వాళ్లకు ముందొచ్చినవారికి ముందు. ఈ వరసలో కనబడిన మెయిళ్ల నుంచే అపరిచితుల `prior`ను మళ్లీ లెక్కిస్తాను. అక్కడ కనబడటానికి నా పాత అలవాట్లు కారణం కాదు కనుక, నికరమైన రేటు దొరికేది ఆ ఒక్క చోటే.

ఇంకా మిగిలింది చిరునామాలు మార్చుతూ పంపేవాళ్ల సంగతి. `From`లో @ గుర్తుకు ముందున్న భాగాన్ని ప్రతిసారీ కొత్తగా పుట్టించి, ఎప్పటికప్పుడు అపరిచితుల్లా వచ్చేవాళ్లు కొందరున్నారు. టోకు గుర్తులూ పెట్టరు. వీళ్ల కోసం డొమైన్, అంటే @ తర్వాతి భాగం, స్థాయిలో ఇంకో లెక్క ఉంచి, కొత్త చిరునామాకు `prior`గా ఆ డొమైన్ మార్కునే ఇవ్వాలనుకుంటున్నాను. నా సహోద్యోగుల డొమైన్ నుంచి కొత్తగా చేరిన మనిషి రాస్తే దీనివల్ల ఆయనకూ మేలే, తొలి ఉత్తరం నుంచే పైన ఉంటాడు. కోట్లమంది పంచుకునే ఉచిత మెయిలు డొమైన్లకు మాత్రం ఇది వర్తించకూడదు, అక్కడ డొమైన్ పేరు మనిషి గురించి ఏమీ చెప్పదు. ఆ డొమైన్ల జాబితా చేత్తో రాస్తున్నాను. డొమైన్‌లో ఎంతమంది వేర్వేరు మనుషులతో నాకు జవాబులు నడిచాయో చూసి ప్రోగ్రామే తేల్చుకునేలా చేయవచ్చు గానీ, అందుకు తగినంత చరిత్ర ఉన్న డొమైన్లు నా పెట్టెలో కొద్దిగానే ఉన్నాయి.